ఎరుపు, ఎరుపు, నీలం... తర్వాత?

యూకేజీ చదివే పాపకు ఎరుపు, నీలం, ఎరుపు, నీలం అని నాలుగు పూసలు గుచ్చి చూపించి దారం చేతికిస్తే, మిగతా దండ తడుముకోకుండా గుచ్చేస్తుంది. చూసిన పెద్దవాళ్లం ‘ప్యాటర్న్ వచ్చేసింది’ అని సంతోషిస్తాం. కానీ ఆ దండ పూర్తి చేయడానికి పాపకు గుర్తుండాల్సింది ఒక్కటే సంగతి: ఇప్పుడు ఏ రంగు గుచ్చానో దాన్ని వదిలి రెండో రంగు తీసుకోవాలి. దండ ఎక్కడ మొదలైందో, ఏం తిరిగి వస్తోందో చూడక్కర్లేదు. చివరి పూస కనిపిస్తే చాలు.

అదే పాపకు ఎరుపు, ఎరుపు, నీలం వరుస ఇవ్వండి. ఇప్పుడు ‘ఎరుపు తర్వాత ఏం వస్తుంది?’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఒక ఎరుపు తర్వాత ఎరుపు వస్తుంది, ఇంకో ఎరుపు తర్వాత నీలం వస్తుంది. తాను ఏ ఎరుపు దగ్గర ఉందో తెలియాలంటే పాప చివరి పూసను దాటి వెనక్కి చూడాలి. మూడు పూసలను ఒక ముక్కగా పట్టుకోవాలి. పూసల ఆటలో ఐదేళ్ల పిల్లలు దాటాల్సిన అసలు గట్టు ఇదే.

తిరిగి తిరిగి వచ్చే ఆ ముక్కను బిడ్డ చూస్తోందా లేదా అన్నదాన్ని ఆస్ట్రేలియాకు చెందిన జోఆన్ మల్లిగన్, మైకేల్ మిచెల్‌మోర్ ఏళ్ల తరబడి పరిశీలించారు. లెక్కల్లో వెనకబడే చిన్నపిల్లలు చాలామంది వస్తువుల రంగు, అందం లాంటి పైపై సంగతులే పట్టుకుంటారని, వాటి వెనకున్న అమరిక వారికి కనిపించదని వాళ్లు గమనించారు. ఇది అర్థమయ్యే సంగతే. మూడు పూసలను ఒక్కటిగా చూసి, అలాంటివి నాలుగు ఉన్నాయని చెప్పగలిగిన పాప మూడేసి చొప్పున లెక్కపెట్టడానికి దగ్గరకు వచ్చినట్టే. మన దేశంలో 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చుట్టూ ఉన్న వాటిలో, ఆకారాల్లో, అంకెల్లో చిన్న చిన్న ప్యాటర్న్‌లు గుర్తించి పొడిగించడాన్ని పిల్లలకు రావాల్సిన వాటిలో ఒకటిగా చేర్చింది. గుర్తించడం, పొడిగించడం అని రెండు మాటలున్నాయి అందులో. మనం ఎక్కువగా రెండోదాన్నే చూసి మొదటిది కూడా వచ్చేసిందనుకుంటాం.

ఇక సరంజామా. అడ్డంగా ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఉండే చెక్క పూసలు ఈ వయసు వేళ్లకు బాగా పట్టుబడతాయి. ఎరుపు, నీలం, పసుపు రంగుల్లో గుండ్రటివి, చదరపువి తలా పది పన్నెండు ఉంటే చాలు. కొందరు మగపిల్లలకు ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా కనిపించవు కాబట్టి ఆ రెండింటినీ జంటగా వాడకపోవడం మంచిది. దారానికి బదులు బూటు లేసు తీసుకోండి. కొసన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి సూదిలా దూరుతుంది. తొడుగు ఊడిపోతే సెల్లోటేపు బిగించి చుట్టండి, లేదా కరిగిన కొవ్వొత్తి మైనంలో ముంచి ఆరనివ్వండి. రెండో కొసకు ఒక పూసను ముడివేస్తే మిగతావి జారిపోవు. ఇంట్లో మూడేళ్లలోపు చంటివాళ్లుంటే మాత్రం ఈ ఆట మంచం మీదో బల్ల మీదో ఆడించి, అయిపోగానే పూసలు లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే వస్తువు ఏదైనా ఆ వయసు పిల్లల గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. నీళ్లలో వేస్తే ఉబ్బే రబ్బరు పూసలైతే అసలు ఇంట్లోకే తేవద్దు.

పూసలు ఎలా పెడతామన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఆట ఫలితాన్నే మార్చేస్తుంది. ఎర్రవి ఒక గిన్నెలో, నీలివి ఒక గిన్నెలో వేసి పక్కపక్కన పెడితే పాప రంగులు చూడటం మానేసి ఈ గిన్నెలోంచి ఒకటి, ఆ గిన్నెలోంచి ఒకటి తీస్తుంది. చెయ్యి అలవాటుగా అటూ ఇటూ ఊగుతుంది, అంతే. అందుకని అన్నీ కలిపి ఒకే పళ్లెంలో పోయండి. లేసు ముడి ఉన్న కొసను పాపకు ఎడమవైపు పెట్టి, అక్కడ ఒక రంగు కాగితం అంటించండి. పిల్లలు మధ్యలో లేసును తిప్పేస్తారు. అప్పుడు ఎరుపు, ఎరుపు, నీలం వరుస నీలం, ఎరుపు, ఎరుపు అని చదవబడుతుంది, పాప పొరపాటు చేయకపోయినా చేసినట్టు కనిపిస్తుంది.

మీరు చూపించే నమూనాలో ముక్క కనీసం రెండుసార్లు, వీలైతే మూడుసార్లు పూర్తిగా రావాలి. ఎరుపు, నీలం, ఎరుపు అని మూడే గుచ్చి ‘తర్వాత ఏంటి?’ అని అడగడం అన్యాయం. తర్వాత నీలం రావచ్చు, ఆ మూడూ కలిసి ఒక ముక్క అయితే మళ్లీ ఎరుపే రావచ్చు. రెండూ సరైన జవాబులే. పిల్లల వర్క్‌బుక్కుల్లో కూడా ఇలాంటి కురచ వరుసలు కనబడుతుంటాయి. వాటిలో బిడ్డ ‘తప్పు’ రాస్తే కొట్టివేసే ముందు ఎందుకలా రాశావని అడగాలి.

ఇక అసలు ఆటకు వద్దాం. ఒక తల్లి ఎరుపు, ఎరుపు, నీలం వరుసను మూడుసార్లు, అంటే మొత్తం తొమ్మిది పూసలు, గుచ్చి కూతురి ముందు పెట్టిందనుకుందాం. ముందు ఇద్దరూ కలిసి ముడి దగ్గర్నుంచి వేలితో ముట్టుకుంటూ చదువుతారు. ఎరుపుకు చప్పట్లు, నీలానికి తొడ మీద చరుపు. చప్పట్లు, చప్పట్లు, చరుపు. కళ్లు పట్టుకోలేని ముక్కను చాలాసార్లు చెవి పట్టుకుంటుంది, అందుకే ఈ మెట్టును దాటవేయకూడదు. ఆ తర్వాత ‘ఇప్పుడు నువ్వు గుచ్చు తల్లీ’ అంటుంది.

పాప ఎరుపు, నీలం, ఎరుపు, నీలం అని గుచ్చవచ్చు. అంటే తనకు బాగా వచ్చిన పాత దారిలోకి వెళ్లిపోయింది, ముక్క ఇంకా కంటికి ఆనలేదు. ఎరుపు, ఎరుపు, నీలం, నీలం అని గుచ్చవచ్చు. ఇది మొదటిదానికంటే మెరుగు. ఎరుపులు రెండని చూసింది, నీలానికి కూడా సమానంగా రెండు ఇచ్చి సరిచేయబోయింది. రెండు ముక్కలు సరిగ్గా గుచ్చి ఆ తర్వాత వరసబెట్టి ఎర్రపూసలే ఎక్కించవచ్చు. ఇది తెలియక చేసింది కాకపోవచ్చు. అలసిపోయి ఉంటుంది, లేదా ఆ రంగు మీద మోజు. మూడు తప్పులూ ఒక్కలాంటివి కావు, మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

మొదటి రెండు తప్పుల్లో ‘కాదు, ఇలా’ అని పూస తీసి వేరేది పెట్టేయడం వల్ల పాపకు ఒక్క పూస గురించి తెలుస్తుంది, ముక్క గురించి తెలియదు. దానికంటే ‘మొదట్నుంచి చదువుదామా నాన్నా’ అంటే, చప్పట్లు చరుస్తూ వచ్చి తప్పు ఉన్నచోట పాప చెయ్యి తనంతట తానే ఆగుతుంది. ఆగకపోతే నమూనా దండ మీద ప్రతి మూడు పూసల తర్వాత ఒక ఐస్‌క్రీమ్ పుల్ల అడ్డం పెట్టండి. పుల్లకూ పుల్లకూ మధ్య ఏమేం ఉన్నాయో పాప చేత చెప్పించండి. ఈ ముక్కలో ఉన్నవే ఆ ముక్కలో కూడా ఉన్నాయా అని అడగండి. పుల్లలు పెట్టినప్పుడు వచ్చి, తీసేస్తే రాకపోతే కంగారు పడక్కర్లేదు. ఇంకో రోజు పుల్లలతోనే ఆడించి, ఒక్కొక్కటే తీసేస్తూ పోవచ్చు. మూడో తప్పుకైతే పుల్లలూ వద్దు, పాఠమూ వద్దు. ఆట ఆపేయడమే మందు. ఈ వయసుకు పావుగంట చాలా ఎక్కువ సేపు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చాలామంది తల్లిదండ్రులు రెండు రంగుల వరుస వచ్చాక మూడు రంగులకు వెళ్తారు: ఎరుపు, నీలం, పసుపు. చూడటానికి పెద్ద మెట్టులా ఉంటుంది. నిజానికి ఇది కూడా చివరి పూసను చూసి గుచ్చేయగలిగిన వరుసే. ఎరుపు తర్వాత నీలం, నీలం తర్వాత పసుపు, పసుపు తర్వాత ఎరుపు. ఒక్కో రంగుకు ఒక్కటే జవాబు. రంగులు పెరిగాయి కానీ వెనక్కి చూడాల్సిన అవసరం రాలేదు. పాపను నిజంగా ఒక మెట్టు ఎక్కించేది రంగుల లెక్క కాదు, ఒకే రంగు ముక్కలో రెండుసార్లు రావడం. రెండు రంగులతోనే ఎరుపు, నీలం, నీలం వరుస, ఎరుపు, ఎరుపు, నీలం, నీలం వరుస చేయించాక మూడో రంగు తెచ్చినా ఆలస్యమేమీ కాదు.

ఎరుపు, ఎరుపు, నీలం వచ్చేసిందనుకున్నాక దాన్నే రకరకాలుగా కదిపి చూడాలి. అన్నిటికంటే పనికొచ్చే సవాలు, వరుసను ముక్క మధ్యలో ఆపేయడం. ఎరుపు, ఎరుపు, నీలం, ఎరుపు, ఎరుపు, నీలం, ఎరుపు... అని ఏడు పూసలు గుచ్చి దారం ఇవ్వండి. ముక్క బాగా తెలిసిన పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. తమ వంతు వచ్చింది కాబట్టి ముక్కను కొత్తగా మొదలుపెట్టి ఎరుపు, ఎరుపు, నీలం గుచ్చేస్తారు. దండలో మూడు ఎరుపులు పక్కపక్కన పడతాయి. అది తెలియనితనం కాదు. ముక్క మనసులో ఉంది, కానీ తాను అందులో ఎక్కడ నిలబడి ఉందో చూసుకోలేదు. మళ్లీ చప్పట్లతో చదివిస్తే ఈ తప్పు తొందరగానే పోతుంది.

మధ్యలో ఒక పూసను బొటనవేలితో మూసి ‘కింద ఏముంది?’ అని అడగడం ఇంకో సవాలు. ఒకటి చెప్పగలిగితే పక్కపక్కన రెండు మూయండి. చివర పూస ఏదో చెప్పడం కంటే ఇది కష్టం, ఎందుకంటే పాప రెండు వైపుల నుంచీ చూసి తేల్చుకోవాలి.

ఆ తర్వాతది ఆకారాలకు మార్చడం. అన్నీ పసుపు పూసలే ఇచ్చి, గుండ్రటివి, చదరపువి పళ్లెంలో పోసి ‘ఆ ఎర్రనీలం దండలాంటిదే వీటితో చెయ్యి’ అనండి. గుండ్రం, గుండ్రం, చదరం వస్తే పాప రంగును వదిలి అమరికను పట్టుకుందని గట్టిగా చెప్పవచ్చు. కొందరు పిల్లలు ‘ఇందులో ఎరుపు లేదుగా’ అంటారు. వాళ్లకు ప్యాటర్న్ అంటే ఇంకా రంగే. అమెరికాలో ఎమిలీ ఫైఫ్, నికోల్ మెక్‌నీల్, బెథనీ రిటిల్-జాన్సన్ చేసిన ఒక ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. వరుసను రంగుల పేర్లతో వివరిస్తే కంటే, ఏ, బీ, బీ, ఏ, బీ, బీ అని అక్షరాలతో వివరిస్తే చిన్నపిల్లలు దాన్ని వేరే వస్తువులతో మెరుగ్గా తయారుచేయగలిగారు. రంగు పేరు పలికితే మనసు రంగు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి దండను చదివేటప్పుడు ఒకసారి రంగులతో, ఇంకోసారి ‘అ, అ, ఆ’ అని చదివించండి. ఆ అక్షరాలు పూసలకైనా సరిపోతాయి, చప్పట్లకైనా సరిపోతాయి. ఇంట్లో కదంబమాల కట్టేవాళ్లుంటే పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. మల్లెలు, కనకాంబరాలు, మరువం రెబ్బ ఏ వరుసలో పడుతున్నాయో, అమ్మమ్మ ముడి వేసేలోపు తర్వాతి పువ్వు అందించమనండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సవాలు దండ మూయడం. దారం రెండు కొసలు కలిపి మెడలో వేసుకునేలా ముడి వేసినప్పుడు కూడా ప్యాటర్న్ తెగకూడదు. ముడివేసిన ఆపుపూసను ముందే తీసేయాలని మరవద్దు, లేకపోతే అదే వరుసను చెడగొడుతుంది. పాప ఎరుపు, ఎరుపు, నీలం వరుసలో పది పూసలు గుచ్చిందనుకోండి. పదోది ఎరుపు. కొసలు కలిపితే ఆ ఎరుపు పక్కన మొదట్లోని రెండు ఎరుపులు వచ్చి మూడవుతాయి. చూసి పాప ఇంకో పూస ఎక్కిస్తుంది, అదీ ఎరుపే. ఇప్పుడు నాలుగు ఎరుపులు పక్కపక్కన. ఇంకోటి, నీలం, ఎక్కిస్తే పన్నెండు. కొసలు అతుకుతాయి. ఎందుకు పది పనికిరాలేదు, పన్నెండు ఎందుకు పనికొచ్చింది అని మీరు పాఠం చెప్పవద్దు. తొమ్మిదితో, పదిహేనుతో కూడా చేయించి, ఏవి అతికాయో ఒక కాగితం మీద రాసి పెట్టండి. కొందరు పిల్లలు ఆ అంకెలను చూసి ఏమీ అనరు. కొందరు ‘ముక్కలన్నీ పూర్తయితేనే మూతపడుతుంది’ అంటారు. ఐదేళ్ల వయసుకు రెండూ సహజమే.

ఇదే చోట పూసలు కొరత పెట్టి చూడండి. పళ్లెంలో ఎనిమిది ఎర్రవి, ఐదు నీలివి మాత్రమే వేసి, మూతపడే దండ ఎంత పెద్దది చేయగలవో చూడమనండి. నాలుగు ముక్కలకు ఎరుపు అయిపోతుంది, ఒక నీలం మిగిలిపోతుంది. ఆ మిగిలిన నీలాన్ని ఎలాగైనా ఇరికించాలని పిల్లలు పడే ఆరాటం చూడాలి! ముందు దాన్ని కొసన పెట్టి చూస్తారు, పక్కపక్కన రెండు నీలాలు కనబడగానే తీసేస్తారు. అలా తీసేసిన పాపకు ముక్క తెలుసు. మీరు ఇంకేం పరీక్ష పెట్టనక్కర్లేదు.

రంగు, ఆకారం రెండూ కలిసి నడిచే వరుస అన్నిటికంటే పెద్దది. రంగు ఒకటి విడిచి ఒకటి మారాలి: ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు. ఆకారం మాత్రం గుండ్రం, గుండ్రం, చదరంగా సాగాలి. రెండింటినీ కలిపితే ఎర్ర గుండ్రం, పసుపు గుండ్రం, ఎర్ర చదరం, పసుపు గుండ్రం, ఎర్ర గుండ్రం, పసుపు చదరం. ఏడోది మళ్లీ ఎర్ర గుండ్రం. రంగు రెండేసి పూసలకు, ఆకారం మూడేసి పూసలకు తిరిగి వస్తున్నాయి కాబట్టి మొత్తం ముక్క ఆరు పూసలది అవుతుంది. రెండు ముక్కలు గుచ్చాలంటే గుండ్రటివి ఎర్రవి నాలుగు, పసుపువి నాలుగు, చదరపువి రంగుకు రెండేసి కావాలి. దీన్ని నేరుగా దారం మీద చేయించవద్దు. ఒక కాగితం మీద పై వరుసలో రంగు చుక్కలు, కింది వరుసలో ఆకారాలు గీసి, ప్రతి నిలువు జంటకూ సరిపోయే పూసను దాని మీద పెట్టించి, ఆ తర్వాత గుచ్చించండి. అయినా ఐదేళ్ల పిల్లలు చాలామంది రంగు సరిగ్గా పట్టుకుని ఆకారాన్ని వదిలేస్తారు. అది ఓటమి కాదు. ఒకేసారి రెండు వరుసలు మోయడం ఆ వయసుకు మించిన బరువు. ఆరేడేళ్ల అన్నయ్యో అక్కయ్యో ఇంట్లో ఉంటే ఈ దండ వాళ్లకివ్వండి. చిన్నది పక్కన కూర్చుని పూసలు అందిస్తుంది.

చివరగా పాత్రలు మార్చండి. పాప గుచ్చాలి, కావాలని ఒక తప్పు దాచాలి, అమ్మ కనిపెట్టాలి. ముక్క ఇంకా తెలియని పిల్లలు తప్పు అంటే మధ్యలో ఆకుపచ్చ పూస ఎక్కించి నవ్వేస్తారు. అది దండలో ఎవరికైనా దూరం నుంచే కనబడుతుంది. ముక్క తెలిసిన పిల్లలు పళ్లెంలో ఉన్న రంగులే వాడి, ఏదో ఒక చోట ఎరుపు ఒకటి తగ్గించి, అమ్మ వేలు అక్కడికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూస్తారు.